తమ్ముడికి హీమోఫీలియా అన్నారు, నా పిల్లలకూ వస్తుందా?

ప్రశ్న: నా వయసు 26. హైదరాబాద్ నాగోల్‌లో ఉంటాం. పోయినేడు మా తమ్ముడికి జ్ఞానదంతం తీయిస్తే రెండు రోజులు రక్తం ఆగలేదు. ఫ్యాక్టర్ 8 ఇరవై ఎనిమిది శాతమే ఉందని, మైల్డ్ హీమోఫీలియా ఏ అని కార్డు రాసిచ్చారు. మా నాన్నకు చిన్నప్పటి నుంచి ముక్కులోంచి రక్తం కారుతుంటుంది. నాకు నెలసరి ఎనిమిది రోజులు ఉంటుంది, హిమోగ్లోబిన్ 7.9. "ఆడవాళ్లకు హీమోఫీలియా రాదు, నువ్వు క్యారియర్‌వి, అంతే" అన్నారు. ఇప్పుడు మా మేనత్త కొడుకుతో పెళ్లి అనుకుంటున్నారు. మా అత్తకు రెండో కాన్పైన పది రోజులకు బ్లీడింగ్ అయి రక్తం ఎక్కించారు. అమ్మానాన్నలది మాత్రం బయటి సంబంధమే. నాకు మగపిల్లాడు పుడితే ఈ జబ్బు వస్తుందా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: పిల్లల సంగతి కాసేపు పక్కన పెడదాం. ముందు మీ తమ్ముడి కార్డు మీద రాసిన పేరు సరైనదేనా అన్నది తేలాలి. నాకు దాని మీదే అనుమానం.

రక్తం గడ్డకట్టడానికి కావలసిన ప్రొటీన్ ఫ్యాక్టర్ 8. దాన్ని తయారుచేసే జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. కొడుక్కి తండ్రి నుంచి వచ్చేది వై. ఎక్స్ తల్లి నుంచే వస్తుంది. కాబట్టి తండ్రికున్న హీమోఫీలియా కొడుక్కి రాదు. మీ నాన్నగారిది నిజంగా రక్తస్రావ జబ్బే అయి, అది హీమోఫీలియానే అయితే, మీ తమ్ముడికి ఆ జబ్బు మీ అమ్మగారి వైపు నుంచి విడిగా వచ్చి ఉండాలి. మేనరికం చేసుకున్న ఇళ్లలో అలా జరగడానికి వీలుంది, భార్యాభర్తలిద్దరికీ ఒకే అమ్మమ్మో నానమ్మో ఉంటుంది కనుక. మీ అమ్మానాన్నలకు అలాంటి చుట్టరికం లేదు. ఒకదానికొకటి సంబంధం లేని రెండు హీమోఫీలియాలు ఒకే ఇంట్లో కలిశాయని నమ్మడం కంటే, తండ్రి నుంచి కొడుక్కీ కూతురికీ కూడా దిగే జబ్బు ఒకటి ఉందేమో చూడటం తెలివైన పని. మీ మేనత్త సంగతి కూడా కలిపి చూస్తే, నాన్నగారి వైపు నిజంగానే రక్తస్రావ జబ్బు ఉందన్న అనుమానం ఇంకా బలపడుతుంది.

అలాంటి జబ్బు ఉంది. దాని పేరు వాన్ విల్లెబ్రాండ్ వ్యాధి. వంశపారంపర్యంగా వచ్చే రక్తస్రావ జబ్బులన్నిట్లోకీ ఎక్కువమందిలో ఉండేది ఇదే. అయినా హీమోఫీలియా పేరు విన్నవాళ్లలో చాలామంది దీని పేరు విని ఉండరు. ఇందులో లోపం ఉండేది వాన్ విల్లెబ్రాండ్ ఫ్యాక్టర్ అనే ప్రొటీన్‌లో. ల్యాబ్ రిపోర్టుల్లో దాన్ని వీడబ్ల్యూఎఫ్ అని రాస్తారు, నేనూ అలాగే రాస్తాను. దీని జన్యువు 12వ క్రోమోజోమ్ మీద ఉంటుంది, ఆడా మగా తేడా ఉండదు. ఎక్కువగా కనిపించే రకాల్లో తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచి లోపమున్న జన్యువు వచ్చినా చాలు, జబ్బు కనిపించవచ్చు.

ఈ జబ్బును మొదట గుర్తించిన కథ కూడా మీ ఉత్తరంలాగే ఉంటుంది. ఫిన్లాండ్ డాక్టర్ ఎరిక్ వాన్ విల్లెబ్రాండ్ దగ్గరికి 1924లో ఓలాండ్ దీవుల నుంచి ఒక అయిదేళ్ల పాపను తీసుకొచ్చారు. ఆ కుటుంబంలో అప్పటికే కొందరు పిల్లలు రక్తం కారి చనిపోయారు. హీమోఫీలియా అనుకుందామంటే ఆడవాళ్లకూ ఉంది, పైగా రక్తం ముక్కు నుంచి, చిగుళ్ల నుంచి కారుతోంది. ఇది వేరే జబ్బని ఆయన 1926లో రాశారు. ఆ పాప పెద్దమనిషి అయ్యాక, నాలుగో నెలసరిలో రక్తస్రావంతోనే చనిపోయింది.

ఇక రెండు జబ్బుల్లో రక్తం కారే తీరు వేరు వేరుగా ఎందుకుంటుందో చూద్దాం. చెరువు కట్టకు గండి పడితే ముందు బస్తాలు వేసి నీళ్లు ఆపుతారు, తర్వాత మట్టి పోసి గట్టి చేస్తారు. రక్తనాళం తెగినచోట బస్తాల పని ప్లేట్‌లెట్లది. అయితే పారే రక్తంలో అవి తమంతట తాము నిలవలేవు. తెగిన అంచుకు వాటిని పట్టి ఉంచేది వీడబ్ల్యూఎఫ్. ఆ తర్వాత ఫైబ్రిన్ పోగులు అల్లుకుని గడ్డను గట్టిపరుస్తాయి, దానికి ఫ్యాక్టర్ 8 కావాలి. వాన్ విల్లెబ్రాండ్ వ్యాధిలో మొదటి పనికే అంతరాయం కలుగుతుంది. హీమోఫీలియాలో ప్లేట్‌లెట్లు అతుక్కోవడం బాగానే ఉంటుంది, దాన్ని గట్టిపరచడంలోనే లోపం.

అందుకే పన్ను తీసిన రోజు జరిగింది మీ తమ్ముణ్ని అడిగి తెలుసుకోండి. దూది కరిచి పట్టుకున్నా మొదటి గంట నుంచే ఆగకుండా ఊరిందా? లేక డాక్టర్ దగ్గర నుంచి వచ్చేటప్పటికి ఆగి, అదే రాత్రో మర్నాడో నోరంతా రక్తంతో మెలకువ వచ్చిందా? మొదటిది వాన్ విల్లెబ్రాండ్ వైపు చూపిస్తుంది, రెండోది హీమోఫీలియా వైపు. దీన్నే తీర్పుగా తీసుకోకూడదు గానీ, డాక్టర్‌కు పనికొచ్చే సమాచారం. ఈ ప్రశ్న అడిగే తీరిక ఓపీలో చాలాసార్లు ఉండదు, మీరే కాగితం మీద రాసుకుని వెళ్లండి.

వాన్ విల్లెబ్రాండ్ వ్యాధిలో రక్తం సాధారణంగా తడి పొరల నుంచి వస్తుంది. ముక్కు, చిగుళ్లు, గర్భాశయం, ఒక్కోసారి పేగులు. ఎక్కడ తగిలిందో గుర్తులేకుండానే చర్మం కమిలిపోతుంది. చెవులు కుట్టించినప్పుడు, ముక్కు కుట్టించినప్పుడు రక్తం చాలాసేపు ఆగలేదని అమ్మలు చెప్తుంటారు, మీ అమ్మగారినీ అడగండి. తీవ్రమైన హీమోఫీలియాలో రక్తం లోపలికి పోతుంది. మోకాలు, చీలమండ, మోచేయి ఉన్నట్టుండి వేడెక్కి వాచిపోతాయి, లేదా తొడ, తుంటి కండరాల్లోకి రక్తం దిగి కాలు చాపలేక ముడుచుకుంటారు. ఇదే కీలులో పదే పదే జరిగితే కీలు పాడైపోతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. "మా తమ్ముడికి ఎప్పుడూ కీళ్లు వాయలేదు, కాబట్టి హీమోఫీలియా కాదు" అని మీరు తేల్చేసుకోవద్దు. ఫ్యాక్టర్ 8 ఒక శాతం కంటే తక్కువుంటే తీవ్రం అంటాం, ఒకటి నుంచి ఐదు దాకా మధ్యస్థం, ఐదు దాటి 40 లోపు మైల్డ్. ఇరవై ఎనిమిది శాతం ఉన్నవాళ్లకు దెబ్బ తగలకుండా కీళ్లలోకి రక్తం రావడం అరుదు. ఏ పన్నో తీయించేదాకా, ఏ ఆపరేషనో అయ్యేదాకా జబ్బు ఉన్నట్టే తెలియని మైల్డ్ హీమోఫీలియా వాళ్లు చాలామంది ఉంటారు. అంటే రక్తం కారే తీరు తీవ్రమైన జబ్బులో తేడాను బాగా చూపిస్తుంది, మైల్డ్ జబ్బులో అంతగా చూపించదు. మీ ఇంట్లో దానికంటే గట్టి ఆధారం వంశవృక్షమే.

దానికీ ఒక మెలిక ఉంది. హైదరాబాద్ ఎండలకు ముక్కు లోపల ఎండి పగిలి, ఏ జబ్బూ లేనివాళ్లకు కూడా రక్తం వస్తుంది. మీ నాన్నగారిది అదే అయితే నా వాదన బలం తగ్గుతుంది, ఎందుకంటే హీమోఫీలియా ఉన్న పిల్లల్లో దాదాపు మూడోవంతు మందికి కుటుంబంలో అంతకుముందు ఎవరికీ ఉండదు. అందుకే ఆయనకు పరీక్ష చేయించకుండా ముందుకు వెళ్లకూడదు. ఏ కాలంలో వస్తుంది, ఒక ముక్కు నుంచా రెండింటి నుంచా, గట్టిగా పట్టుకున్నా పది నిమిషాలు దాటుతుందా, ఎప్పుడైనా డాక్టర్ దగ్గర దూది పెట్టించుకోవాల్సి వచ్చిందా? ఈ జవాబులు కూడా రాసుకోండి.

ఆడవాళ్లకు హీమోఫీలియా రాదని మీతో అన్న మాట కూడా సరికాదు. క్యారియర్లకు ఒక ఎక్స్ మీద మంచి జన్యువు, ఇంకోదాని మీద లోపమున్నది ఉంటుంది. ఒక్కో కణం ఆ రెండింట్లో ఒక్కదాన్నే వాడుకుంటుంది. లోపమున్నదాన్ని వాడుకునే కణాలు ఎక్కువైతే ఫ్యాక్టర్ 8 నలభై లోపుకు పడిపోతుంది, అలాంటి స్త్రీలను ఇప్పుడు హీమోఫీలియా ఉన్నవాళ్లుగానే లెక్కిస్తున్నారు. మీకు ఏ జబ్బున్నా, 7.9 హిమోగ్లోబిన్‌తో "క్యారియర్‌వి, అంతే" అని పంపించేయడం తప్పే.

మరి ఫ్యాక్టర్ 8 తక్కువ వచ్చింది కదా, హీమోఫీలియా కాక ఇంకేమిటి అంటారేమో. సాధారణంగా పొరపాటు జరిగేది అక్కడే. వీడబ్ల్యూఎఫ్‌కు రెండో పని ఒకటుంది. రక్తంలో ఫ్యాక్టర్ 8ను అంటిపెట్టుకుని, అది త్వరగా విరిగిపోకుండా కాపాడుతుంది. వీడబ్ల్యూఎఫ్ తగ్గితే దాంతోపాటు ఫ్యాక్టర్ 8 కూడా తగ్గుతుంది. అప్పుడు రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని కొలిచే ఏపీటీటీ కాస్త పెరుగుతుంది, ప్లేట్‌లెట్ల సంఖ్య సరిగ్గానే ఉంటుంది, ఫ్యాక్టర్ 8 మైల్డ్ హీమోఫీలియా అంకెల్లో కనిపిస్తుంది. అక్కడితో ఆగిపోతే కార్డు మీద హీమోఫీలియా అని పడుతుంది. మీ తమ్ముడి ఫైలు తీసి చూడండి. వీడబ్ల్యూఎఫ్ యాంటిజెన్, వీడబ్ల్యూఎఫ్ యాక్టివిటీ అనే రెండు పరీక్షలు అందులో ఉన్నాయా? మీ ఉత్తరంలో వాటి ప్రస్తావన లేదు.

నిమ్స్ లాంటి పెద్ద ఆసుపత్రిలో హెమటాలజీ విభాగానికి మీరు, నాన్నగారు, తమ్ముడు ముగ్గురూ కలిసి వెళ్లండి. ఫ్యాక్టర్ 8, ఈ రెండు పరీక్షలు, బ్లడ్ గ్రూపు, అన్నీ ఒకేసారి తీసిన రక్తంతో చేయించండి. యాంటిజెన్ ఆ ప్రొటీన్ ఎంత ఉందో చెప్తుంది, యాక్టివిటీ అది ప్లేట్‌లెట్లను ఎంత బాగా పట్టుకుంటోందో చెప్తుంది. మామూలుగా రెండూ సుమారు 50 నుంచి 200 మధ్య ఉంటాయి. ఉదాహరణకు మీ తమ్ముడికి ఫ్యాక్టర్ 8 మళ్లీ 28 వచ్చి, వీడబ్ల్యూఎఫ్ రెండు అంకెలూ వంద దగ్గర ఉన్నాయనుకోండి, కార్డు మీద రాసింది దాదాపు సరైనదే. అదే వీడబ్ల్యూఎఫ్ యాంటిజెన్ 24, యాక్టివిటీ 22 వచ్చి, నాన్నగారికీ మీకూ అలాంటి అంకెలే వస్తే, అది టైప్ 1 వాన్ విల్లెబ్రాండ్ వ్యాధి. ప్రొటీన్ పనితీరు బాగానే ఉంది, మోతాదే తక్కువ. యాంటిజెన్ 60 ఉండి యాక్టివిటీ 20 వస్తే మోతాదు ఫరవాలేదు గానీ పనితనం లేదు. అది టైప్ 2, దాన్ని ఇంకా విడగొట్టి చూడాలి. 30 లోపు అంకెకు సందేహం ఉండదు. 30కీ 50కీ మధ్య వస్తే, రక్తస్రావం లక్షణాలు కూడా ఉన్నప్పుడే జబ్బు అంటాం.

టైప్ 2ఎన్ అని ఇంకో రకం ఉంది. అందులో ఈ రెండు అంకెలూ మామూలుగానే ఉండి ఫ్యాక్టర్ 8 ఒక్కటే తక్కువ వస్తుంది, అచ్చం మైల్డ్ హీమోఫీలియాలాగే. అయితే దానికి తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపం రావాలి, మీ ఇంటి తీరుకు అది అంతగా సరిపోదు. వంశవృక్షం హీమోఫీలియాకు కుదరక, అంకెలు మాత్రం హీమోఫీలియాలాగే ఉంటే అప్పుడు డాక్టర్‌కు దాన్ని గుర్తుచేయండి.

వీడబ్ల్యూఎఫ్ నిలకడ లేని అంకె. జ్వరం వచ్చినా, గర్భం వచ్చినా, మెట్లు పరిగెత్తి ఎక్కినా, సూదికి హడలిపోయినా పెరుగుతుంది. నెలసరి ఆపడానికి ఈస్ట్రోజన్ ఉన్న హార్మోన్ మాత్రలు వాడుతుంటే కూడా పెరిగి, జబ్బును దాచేస్తుంది. మీరు అలాంటివి వాడుతుంటే ముందే చెప్పండి. ఓ గ్రూపు రక్తం వాళ్లకు పుట్టుకతోనే పాతిక శాతం దాకా తక్కువ ఉంటుంది. ఒక్కసారి మామూలుగా వచ్చినంత మాత్రాన జబ్బు లేదని కొట్టేయకూడదు, కొన్ని వారాలాగి మళ్లీ చేయించాలి. దీనికి ఎదురుగా ఇంకో తప్పు జరుగుతుంది. ఇంటికొచ్చి తీసుకెళ్లిన రక్తాన్ని అలాగే ఐస్ మీద పెట్టి పంపితే, వీడబ్ల్యూఎఫ్, ఫ్యాక్టర్ 8 రెండూ ఉత్తుత్తిగా తగ్గి కనిపిస్తాయి. నీలం మూత ట్యూబు గీత దాకా నిండకపోతే ఏపీటీటీ తప్పుగా పెరుగుతుంది. పరీక్ష చేసే ల్యాబ్‌కే వెళ్లి రక్తం ఇవ్వండి.

పేరు ఏదైతేనేం, రెండూ రక్తం ఆగని జబ్బులే కదా అనుకోవద్దు. హీమోఫీలియా ఏ వాళ్లకు ఆపరేషన్ ముందు ఇచ్చే ఫ్యాక్టర్ 8 ఇంజెక్షన్ దాదాపు 12 గంటలకు సగం అవుతుంది. వీడబ్ల్యూఎఫ్ బాగా తక్కువున్నవాళ్లలో దాన్ని కాపాడేది లేక, అది కొన్ని గంటల్లోనే పడిపోతుంది. పైగా ప్లేట్‌లెట్లను పట్టుకునే పని అలాగే మిగిలిపోతుంది. వాళ్లకు కావలసింది వీడబ్ల్యూఎఫ్ కూడా ఉన్న కాన్సంట్రేట్. అది దొరకని చోట రక్తదాతల ప్లాస్మా నుంచి తీసే క్రయోప్రెసిపిటేట్ ఇస్తారు. టైప్ 1లో చాలామందికి డెస్మోప్రెసిన్ ఇంజెక్షన్ పనిచేస్తుంది, ఒంట్లో దాచుకున్న వీడబ్ల్యూఎఫ్‌ను అది బయటికి తెస్తుంది. అయితే ముందే ఒకసారి ఇచ్చి ఎంత పెరుగుతుందో కొలిచి చూడాలి, ఆ రోజు నీళ్లు తగ్గించి తాగాలి. మైల్డ్ హీమోఫీలియా ఏ వాళ్లకూ ఇది పనికొస్తుంది. టైప్ 2లో 2బి అనే రకానికి మాత్రం సాధారణంగా వాడరు, ప్లేట్‌లెట్లు పడిపోతాయి.

మీ హిమోగ్లోబిన్ సంగతికి వస్తే, ఈ పరీక్షలన్నీ అయ్యేదాకా ఆగక్కర్లేదు. ఐరన్ ఇప్పుడే మొదలుపెట్టాలి. గైనకాలజిస్టును కలిసి నెలసరి రోజులకు ట్రానెక్సమిక్ యాసిడ్ గురించి అడగండి, రెండు జబ్బుల్లోనూ అది పనికొస్తుంది. కానీ మందుల షాపులో స్ట్రిప్పు వెనక తిప్పి చదవండి. మన దగ్గర ట్రానెక్సమిక్, మెఫెనమిక్ యాసిడ్ రెండూ కలిపిన మాత్ర బాగా అమ్ముడవుతుంది. నొప్పీ రక్తస్రావమూ రెండూ తగ్గుతాయని ఇస్తుంటారు. మెఫెనమిక్ ప్లేట్‌లెట్ల పనిని అడ్డుకుంటుంది, మీలాంటివాళ్లకు అది వద్దు. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ కూడా వద్దు. నొప్పికి పారాసిటమాల్ చాలు.

ఇప్పుడు మీరు అడిగిన ప్రశ్న. మీ నాన్నగారికి ఉన్నది హీమోఫీలియానే అయితే, ఆయన ఎక్స్ తప్పనిసరిగా మీకు వచ్చింది కనుక మీరు ఖచ్చితంగా క్యారియర్. మీకు పుట్టే ప్రతి మగపిల్లాడికీ జబ్బు రావడానికి సగానికి సగం అవకాశం. ఆడపిల్లలు క్యారియర్లు కావడానికీ అంతే. టైప్ 1 వాన్ విల్లెబ్రాండ్ అయితే ఆడైనా మగైనా ప్రతి బిడ్డకూ ఆ జన్యువు సగానికి సగం అవకాశంతో అందుతుంది. అందినా కొందరికి లక్షణాలు పెద్దగా ఉండవు.

అసలు చిక్కు మీ మేనత్త కొడుకుతో వస్తుంది. మీ అత్తకూ, నాన్నగారికీ, మీకూ లోపమున్న అదే వాన్ విల్లెబ్రాండ్ జన్యువు ఉందనుకుందాం. మీ బావకు అది వచ్చి ఉండటానికి సగం అవకాశం. వచ్చి ఉంటే, మీ ఇద్దరికి పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు అవకాశం ఇద్దరి నుంచీ లోపమున్న జన్యువే రావడానికి. అలాంటప్పుడు టైప్ 3 అనే తీవ్రమైన రూపం రావచ్చు. అందులో వీడబ్ల్యూఎఫ్ దాదాపు ఉండదు, ఫ్యాక్టర్ 8 కూడా పది శాతం లోపుకు జారిపోతుంది. రెండు జబ్బుల రక్తస్రావాలూ ఒకే బిడ్డలో కనిపిస్తాయి, ముక్కూ చిగుళ్లతోపాటు కీళ్లలోనూ. డెస్మోప్రెసిన్ దానికి పనిచేయదు. మేనరికాలు ఎక్కువున్న చోట్ల టైప్ 3 ఎక్కువగా కనిపించడానికి కారణం ఇదే. ముహూర్తం పెట్టుకునే ముందే మీ అత్తకూ బావకూ ఇవే పరీక్షలు చేయించమని పెద్దవాళ్లతో చెప్పండి. చెప్పడం ఇబ్బందిగా ఉంటే హెమటాలజిస్టు చేత నాన్నగారికే చెప్పించండి. బావకు లోపం లేదని తేలితే ఈ నాలుగో వంతు భయం ఉండదు.

అత్తకు కాన్పైన పది రోజులకు బ్లీడింగ్ అయిందన్నారు. గర్భం చివరి నెలల్లో వీడబ్ల్యూఎఫ్, ఫ్యాక్టర్ 8 రెండూ పెరుగుతాయి, కాన్పయ్యాక ఒకటి నుంచి మూడు వారాల్లో పాత స్థాయికి దిగిపోతాయి. అందుకే కాన్పు గదిలో అంతా బాగుండి, ఇంటికొచ్చాక రక్తం మొదలవుతుంది. హీమోఫీలియా క్యారియర్లలోనూ ఫ్యాక్టర్ 8 ఇలాగే పెరిగి దిగుతుంది కనుక దీన్నిబట్టి జబ్బు ఏదో తేల్చలేం. రేపు మీ కాన్పుకు మాత్రం ఇది ముఖ్యం. ఏడో ఎనిమిదో నెలలో మరోసారి అంకెలు చూడాలి. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు, ఆ తర్వాతి రెండు మూడు వారాలకు ట్రానెక్సమిక్ ఏ మోతాదులో వాడాలో, రక్తం ఎంత పోతే వెంటనే రావాలో గైనకాలజిస్టు, హెమటాలజిస్టు కలిసి కాగితం మీద రాసివ్వాలి.